జొన్నవాడ తిరణాలకు బండి దారి: ఒక అవ్వ జ్ఞాపకాలతో తొమ్మిది నిమిషాల చిత్రం (కేస్ స్టడీ)

పెన్నకు దక్షిణపు గట్టున, నెల్లూరు జిల్లాలోని ఒక ఊళ్ళో ఎనభై దాటిన ఒక అవ్వతో తీసిన మౌఖిక చరిత్ర చిత్రం ఇది. ఆమె పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె కామాక్షితాయి భక్తురాలు. చిన్నప్పుడు ఏటి ఆవలి గట్టున ఉన్న జొన్నవాడకు, వైశాఖ మాసపు బ్రహ్మోత్సవాలకు, ఎద్దుల బండి మీద వెళ్ళేది. ఊళ్ళో దాన్ని బ్రహ్మోత్సవం అని ఎవరూ అనరు, తిరణాల అంటారు.

మొదట వేసుకున్న ప్రణాళికలో ‘చిన్ననాటి పండుగలు’ అన్నీ ఉన్నాయి: సంక్రాంతి గొబ్బెమ్మలు, రామనవమి పానకం, పీర్ల పండుగ, రొట్టెల పండుగ, జొన్నవాడ. కెమెరా లేకుండా జరిగిన పలకరింపులోనే ఆ ప్రణాళిక మారిపోయింది. సంక్రాంతి గురించి అడిగితే అవ్వ చెప్పింది ఏ ఇంట్లో ఎవరైనా చెప్పగలిగిందే. జొన్నవాడ మాట రాగానే మాత్రం రెండు ఎద్దుల పేర్లు, వాటిలో ఏది ఇసుకలో మొండికేసేదో చెప్పింది. తొమ్మిది నిమిషాల్లో ఐదు పండుగలు చూపిస్తే ఒక్కొక్కటీ క్యాలెండరు బొమ్మలా మిగులుతుంది. అందుకే ఎద్దు పేరు గుర్తున్న చోటే కెమెరా పెట్టాలని నిర్ణయించి, మిగతా నాలుగింటినీ వదిలేశారు.

అసలు చిక్కు: పురాణం

భక్తులతో ఇలాంటి రికార్డింగు చేసేటప్పుడు ఎదురయ్యే పెద్ద ఇబ్బంది మరపు కాదు, పురాణం. జొన్నవాడ గురించి చెప్పమంటే అవ్వ కశ్యప మహర్షి యజ్ఞం దగ్గర మొదలుపెట్టింది. వేదగిరి, ఆదిశంకరుల శ్రీచక్ర ప్రతిష్ఠ అన్నీ వరసగా, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది. వినడానికి బాగుంటుంది, కెమెరా ముందు నిండుగా ఉంటుంది. కానీ అది ఆమె చూసింది కాదు. గుడి గోడ మీద రాసి ఉన్నదీ, ప్రవచనంలో విన్నదీ. చిత్రం చేసేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. ధారగా వచ్చింది కాబట్టి మంచి భాగం అనుకుని, చివరికి స్థలపురాణం పుస్తకంలో దొరికే విషయంతోనే సగం నిడివి నింపేస్తారు.

అడ్డుకుంటే మాత్రం తప్పు. భక్తురాలిని దేవుడి కథ మధ్యలో ఆపితే ఆ పూట ఇక మనసు విప్పదు. మొదటి పదిహేను నిమిషాలు పురాణానికే వదిలేయాలి, రికార్డు చేయాలి, శ్రద్ధగా వినాలి. ఆమె చెప్పాల్సింది చెప్పేశాను అనుకుని నీళ్ళు తాగిన తరువాతే అసలు ప్రశ్నలు మొదలుపెట్టాలి.

చూసింది ఏది, అందరూ చెప్పుకునేది ఏది అని గుర్తుపట్టడానికి క్రియలే మంచి ఆధారం. ‘పోయేవాళ్ళం, వండుకునేవాళ్ళం, మొక్కుకునేవాళ్ళం’ అంటున్నంతసేపూ ఆమె ఏళ్ళన్నింటినీ కలిపి ఒకే ముద్దగా చెబుతోంది. ‘పోతిమి, దిగితిమి, నేను ఏడిస్తిని’ అని మారిన క్షణాన ఒక్క ఏడాదికి, ఒక్క రోజుకు వచ్చేసింది. అడిగేవాళ్ళు అప్పుడు నోరు మెదపకూడదు. ఆమె ఆగితే ఐదారు సెకన్లు తామూ ఆగాలి. మన దగ్గర ‘ఆఁ, ఆఁ’ అని ఊఁకొట్టడం మర్యాద. రికార్డింగులో మాత్రం ఆ ఊఁలు ఆమె మాటల మీద పడి తరువాత తీయడానికి వీల్లేకుండా పోతాయి. తల ఊపితే చాలు.

కూర్చోబెట్టడం, మైకు పెట్టడం

సమయం ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. వేసవిలో ఆ తరువాత ఫ్యాను లేకుండా ఎవరూ కూర్చోలేరు, ఫ్యాను తిరుగుతుంటే శబ్దం పనికిరాదు. అయితే అవ్వకు పూజ అయ్యేదాకా మడి. మడిలో ఉన్నప్పుడు పలకరించకూడదు, తాకకూడదు. ఆమె ఉపవాసం ఉండే శుక్రవారం, శనివారం అసలు పెట్టుకోకూడదు. నీరసంలో గొంతు తగ్గుతుంది, జవాబులు పొట్టిగా వస్తాయి. ఈ సంగతులు ఇంటి కోడలిని ముందే అడిగి తెలుసుకుంటే రోజు వృథా కాదు.

కాలరు మైకును మగవాళ్ళు పెట్టకూడదు. మనవరాలికి రెండు నిమిషాల్లో నేర్పించి ఆమెతోనే పెట్టించారు. పైట ఉన్న వైపు కాకుండా అవతలి వైపు, జాకెట్టు మెడ అంచుకు పెట్టాలి. పైట వైపు పెడితే చీర రాపిడి, మధ్యలో పెడితే తాళి, తులసిపూసలు తగిలిన చప్పుడు వస్తాయి. పూసలను ఒక చిన్న టేపు ముక్కతో జాకెట్టుకు అంటిస్తే సగం ఇబ్బంది పోతుంది. అదనంగా ఫ్రేములో పడకుండా నోటికి రెండడుగుల పైన ఒక గన్ మైకు ఉంచారు. చీర రాపిడి పడిన చోట్ల చివరికి వాడింది దాన్నే. మాట్లాడే స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచితే, నవ్వినప్పుడో పాట ఎత్తుకున్నప్పుడో శబ్దం చిట్లదు.

ఇంట్లో ట్యూబులైటు ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అప్పుడే లైటు మినుకు బొమ్మలో పడదు. ఫోను కెమెరాలు తమంతట తాము 30కి వెళ్ళిపోతాయి, 25 దగ్గరే లాక్ చేయడం మర్చిపోకూడదు. చప్పుడు పడకుండా ఫ్రిజ్ ఆపితే కెమెరా బ్యాగును దానిమీదే పెట్టండి. అప్పుడు వెళ్ళేటప్పుడు మళ్ళీ ఆన్ చేయడం గుర్తుంటుంది. పాలు విరిగిపోయిన ఇంటికి రెండోసారి పిలుపు రాదు.

అవ్వకు ఎడమ చెవి మందం. అడిగేవాళ్ళు కుడివైపు, ఆమె కంటి ఎత్తులో, మూడడుగుల దూరంలో కూర్చున్నారు. పెద్ద కొడుకు వెనక నుంచి ‘అది కాదమ్మా, రథం రోజు కదా’ అని సరిదిద్దుతుంటే ఆమె కొడుకు వైపు తిరిగి ఒప్పుకోవడం మొదలుపెట్టింది. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. ఆయనను బయటికి పంపితే మనసు నొచ్చుకుంటుంది. ఆయనకు తెలిసింది విడిగా రికార్డు చేస్తామని చెప్పి ఒక సమయం ఇవ్వడమే మందు. ఇచ్చిన మాట ప్రకారం నిజంగానే రికార్డు చేయాలి కూడా. ఆయన చెప్పిన దాంట్లో నుంచి ఏటి రేవు ఎక్కడుండేదో తెలిసింది.

ప్రశ్నల పట్టిక

పట్టికను చూసి చదవకూడదు. ముందు రోజు బాగా చదువుకుని, మోకాలి మీద ఒక చిన్న చీటీలో ఆరేడు మాటలు మాత్రమే ఉంచుకోవాలి. పనికిరాని ప్రశ్న ఏదో ముందే చెప్పడం మంచిది: ‘ఆ రోజుల్లో పండుగలు ఎలా జరిగేవి అవ్వా?’ దీనికి ‘ఆ భక్తి ఇప్పుడు యాడుంది నాయనా’ అనే జవాబు వస్తుంది. అది అభిప్రాయం. దాని వెనక ఏమీ కనిపించదు. ‘అప్పుడు చాలా సంతోషంగా ఉండేదా?’ అన్నా అంతే, జవాబు ప్రశ్నలోనే ఉంది.

బయలుదేరే ముందు రోజు గురించి:

1. తిరణాలకు పోతున్నామని మీకు ఎవరు చెప్పేవాళ్ళు? ముందే తెలిసేదా, ఆ పొద్దే తెలిసేదా?
2. ముందు రోజు రాత్రి మీ అమ్మ పొయ్యి దగ్గర ఏం చేస్తా ఉండేది? మీకు ఏ పని చెప్పేది?
3. బండి ఎవరిది? సొంతమా, అడిగి తెచ్చుకునేదా? ఎద్దులు ఏ రంగువి?
4. బండిలో కింద ఏం పరిచేవాళ్ళు? మీరు కూర్చునే చోటు ఏది? పక్కన ఎవరు?
5. ఇంటి దగ్గర ఎవరు ఉండిపోయేవాళ్ళు? ఎందుకు?

ఐదో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది, కానీ పట్టికలో అన్నింటికంటే ఎక్కువ ఇచ్చింది అదే. ఇంట్లో ఎవరు ఉండిపోయారు అనేదాంట్లో గొడ్లకు నీళ్ళు పెట్టే జీతగాడు, ముట్టు, మైల, వితంతువైన మేనత్త అందరూ బయటికి వస్తారు. ‘కుల కట్టుబాట్లు ఎలా ఉండేవి’ అని నేరుగా అడిగితే ఆమె సర్దుకుని మాట్లాడేది.

ఏరు గురించి:

6. ఏట్లో అప్పుడు నీళ్ళున్నాయా? ఎక్కడిదాకా?
7. ఇసుకలో బండి చక్రం దిగబడితే ఎవరెవరు దిగేవాళ్ళు? మీరు దిగారా?
8. కాళ్ళకు చెప్పులున్నాయా?
9. దప్పికైతే నీళ్ళు ఎట్లా? చెలమ ఎవరు తవ్వేవాళ్ళు? చెయ్యి ఎంత లోపలికి పెడితే నీళ్ళు తగిలేవి? చూపించండి.
10. ఆ గట్టు ఎక్కగానే మొదట ఏం కనిపించేది? ఏం వినిపించేది?

‘చూపించండి’ అన్న మాట ఎంత పని చేస్తుందో తొమ్మిదో ప్రశ్న దగ్గర తెలిసింది. అవ్వ మోచేతిని ఇంకో చేత్తో కొలిచి, ఇసుకను పక్కకు తోసినట్టు చేసి, మొదట వచ్చిన బురదనీళ్ళు పారబోసి రెండోసారి ఊరినవి తాగాలని చెప్పింది. చిత్రం మొత్తంలో మాటలు లేకపోయినా అర్థమయ్యే షాటు అదొక్కటే.

తిరణాల, గుడి గురించి:

11. మీ చేతికి ఎంత డబ్బులిచ్చారు? ఎవరిచ్చారు? దేనికి ఖర్చు పెట్టారు?
12. కొనాలనుకుని కొనలేకపోయింది ఏమన్నా ఉందా?
13. తప్పిపోకుండా మిమ్మల్ని ఎట్లా పట్టుకునేవాళ్ళు?
14. గుళ్ళో అమ్మవారు మీ ఎత్తుకు కనిపించేదా? ఎవరు ఎత్తుకున్నారు?
15. రాత్రి ఎక్కడ పడుకున్నారు? పక్కన ఎవరు? దీపాలు ఏవి?
16. అక్కడ ఏమన్నా చూసి భయపడ్డారా?
17. మీ ఊరివాళ్ళందరూ ఒకే చోట దిగేవాళ్ళా? ఒకే చోట వండుకునేవాళ్ళా?

తిరుగుదారి, ఆ తరువాత:

18. తిరిగి వచ్చేటప్పుడు బండిలో కొత్తగా ఏం ఉండేవి?
19. బండిలో పోవడం ఆఖరుసారి ఎప్పుడు? తరువాత దేంట్లో పోయారు?
20. ఇప్పుడు పోయినప్పుడు మీరు చేస్తూ, అప్పుడు మీ అమ్మ చేయని పని ఏదైనా ఉందా?
21. మేం అడగనిది, చెప్పాలనుకుంటున్నది ఏముంది?

కాలం తేల్చే ప్రశ్నలను విడిగా, రెండో కూర్చోవడంలో అడిగారు: అప్పటికి మీ తమ్ముడు పుట్టాడా, నడుస్తున్నాడా? మీరు ఏ తరగతి? ఓణీ వేసుకున్నారా? ఊళ్ళో కరెంటు ఉందా? ఆ ఏడు ఊళ్ళో ఇంకేం జరిగింది? ‘ఏ సంవత్సరం’ అని ఒక్కసారి కూడా అడగలేదు.

పదహారో ప్రశ్నకు వచ్చిన జవాబు సంగతి తరువాత చెబుతాను.

ముగ్గుతో దారి గీయించడం

రెండో కూర్చోవడంలో మాటలకంటే ముందు ఒక చెక్కబల్ల మీద నల్ల గుడ్డ పరిచి, ఒక గిన్నెలో ముగ్గుపిండి ఇచ్చి, ఇంటి నుంచి గుడిదాకా దారి వేయమన్నారు. కింద కూర్చోలేని మోకాళ్ళకు బల్ల తప్పదు. కెమెరా నేరుగా పైనుంచి చేతులను మాత్రమే చూసింది. ఎనభై ఏళ్ళ చేతికి పెన్ను పట్టుకోవడం బెరుకు, ముగ్గు కాదు. గీత వేస్తూ వేస్తూ రేవు దగ్గర ఆగి, ఇక్కడ ఒక చింతచెట్టు అని చుక్క పెట్టింది. మొదటి రోజు నోట రాని చెట్టు అది. దాని కిందే ఎద్దులను విప్పి నీళ్ళు చూపించేవాళ్ళట. అక్కడి నుంచి కథ మళ్ళీ మొదలైంది.

దీనికి రెండు హద్దులున్నాయి. ముగ్గు పటం దూరాలను చెప్పదు, ప్రాధాన్యాన్ని చెబుతుంది. అవ్వ గీతలో ఏరు, ఊరి నుంచి రేవు దాకా ఉన్న దారికంటే మూడింతలు పెద్దది. దాన్ని మ్యాపు మీద అతికించి తప్పు అనకూడదు. రెండోది, ఫ్యాను ఆపే ఉండాలి.

చూసింది, విన్నది, చదివింది

రెండు పూటల రికార్డింగు కలిపి గంటా యాభై నిమిషాలు. దాన్ని మాట పొల్లుపోకుండా రాయించారు, యాసను మార్చకుండా. ‘యాడ, ఏంది, పోతిమి’ అన్నవాటిని పుస్తక భాషలోకి దిద్దితే పైన చెప్పిన క్రియల ఆధారం కూడా పోతుంది. రాసిన ప్రతి పేరాకు పక్కన ఒక గుర్తు పెట్టారు: ‘చూ’ అంటే తాను చూసింది, చేసింది. ‘వి’ అంటే అమ్మో నాయనమ్మో చెప్పగా విన్నది. ‘పు’ అంటే పురాణం, ప్రవచనం, పుస్తకం. ‘అ’ అంటే అభిప్రాయం. గంటా యాభై నిమిషాల్లో ‘చూ’ కింద నిలిచింది ఇరవై ఆరు నిమిషాలు. చిత్రానికి అది సరిపోతుంది.

ఇప్పుడు ఏడాది తేల్చిన తీరు. అవ్వ ఆధార్‌లో పుట్టినరోజు జనవరి ఒకటి. ఆ తరంలో చాలామందికి అలాగే ఉంటుంది, దాన్ని ఆధారంగా తీసుకోకూడదు. ఆమె చెప్పినవి మూడు విషయాలు. పొట్టి శ్రీరాములు పోయాడని బడి మూసేసిన తరువాత వచ్చిన తిరణాల అది. చేతిలో పెట్టింది బేడ. రోహిణి కార్తె ఎండకు ఇసుక మీద కాలు పెట్టలేకపోయారు.

శ్రీరాములు మరణం 1952 డిసెంబరు 15 రాత్రి. కాబట్టి తరువాతి వైశాఖం 1953లో, విజయ నామ సంవత్సరంలో పడుతుంది. బేడ అంటే రెండణాలు. కొత్త పైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న కాబట్టి అదీ కుదురుతుంది. కానీ అణా, బేడ మాటలు ఆ తరువాత కూడా చాలా ఏళ్ళు జనం నోట ఉన్నాయి, ఇది ఒంటరిగా సాక్ష్యం కాదు. అసలు అనుమానం రోహిణి దగ్గర వచ్చింది. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. చాలా ఏళ్ళలో అప్పటికి వైశాఖం ముగిసిపోతుందో, చివరికి వచ్చేస్తుందో ఉంటుంది. కొడుకు కూడా ‘రోహిణి కాదులే, కృత్తిక అయి ఉంటుంది’ అన్నాడు. పంచాంగం చూస్తే 1953లో అధిక వైశాఖం వచ్చింది. ఉత్సవాలు జరిగే నిజ వైశాఖం మే 14న మొదలై జూన్ 11 దాకా సాగింది. పౌర్ణమి మే 28. అంటే ఆ ఏడు తిరణాల రోహిణి ఎండలో పడడం సహజమే. అవ్వ చెప్పిందే నిలిచింది. పొరపాటులా కనిపించిన మాటే ఏడాదిని గట్టిపరిచింది.

సంవత్సరం పేరు చెప్పేవాళ్ళు దొరికితే పని ఇంకా తేలిక, అయితే అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుందని గుర్తుంచుకోవాలి. విజయ అంటే 1953–54, మళ్ళీ 2013–14. మనవలు రెండోదాన్ని పట్టుకుని అయోమయపడతారు.

ఇంత చేసినా చిత్రంలో తెర మీద వేసింది ‘1953 ప్రాంతం’ అని మాత్రమే. పిల్లప్పటి రెండు మూడు తిరణాలలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉండవచ్చు. ఎండ ఒక ఏడాదిది, చెలమ ఇంకో ఏడాదిది కావచ్చు.

కూర్పు ప్రణాళిక

ముందు కాగితం మీద కూర్చారు. ‘చూ’ గుర్తున్న పేరాలను కత్తిరించి నేల మీద వరసగా పేర్చడం పాత పద్ధతే, కానీ కంప్యూటరు ముందు కూర్చోకముందే ఏది అక్కర్లేదో తెలిసిపోతుంది. తొమ్మిది నిమిషాలు ఇలా పంచారు.

బండి కట్టడం, గడ్డి పరచడం, ఎద్దులు: 1 నిమిషం 20 సెకన్లు. పరిచయ వాక్యాలు లేవు. ఎద్దు మొండితనం గురించిన మాటతోనే మొదలు. ఆమె ఎవరో ఇరవయ్యో సెకనులో తెర మీది ఒక్క వరుస చెబుతుంది.

ఏరు దాటడం: 2 నిమిషాల 40 సెకన్లు. చిత్రానికి గుండె ఇదే. చెలమ సైగను ఎక్కడా కోయలేదు, నలభై సెకన్లు ఒకే షాటు.

అంగళ్ళు, బేడ: 1 నిమిషం 40 సెకన్లు. బొరుగులు, పంచదార చిలకలు, రంగులరాట్నం అన్నీ చెప్పింది. ఉంచింది కొనలేకపోయిన గాజుల సంగతి ఒక్కటే. అంగళ్ళ జాబితా ఏ తిరణాలకైనా ఒకటే.

గుళ్ళో, రాత్రి నిద్ర: 1 నిమిషం 50 సెకన్లు. పురాణాన్ని ఇక్కడ ఇరవై సెకన్లు ఉంచారు, అదీ కశ్యపుడి యజ్ఞం కథను ఆ రాత్రి వాళ్ళ నాయనమ్మ చెప్పిన సందర్భంగా. అప్పుడది పురాణం కాకుండా, పడుకున్న పిల్ల విన్న కథ అవుతుంది. మొత్తం వదిలేసి ఉంటే అవ్వకు అది తన చిత్రం అనిపించేది కాదు.

తిరుగుదారి: 50 సెకన్లు. మిగిలిన 40 సెకన్లు పేర్లకు.

మాటల మధ్య కోతలు ఎక్కడ పడాలన్నది జాగ్రత్తగా చూడాలి. జ్ఞాపకం వెతుక్కునే మౌనాన్ని తీసేస్తే అవ్వ పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. దగ్గు, నీళ్ళు తాగడం, ‘ఏందీ?’ అని మళ్ళీ అడిగించుకోవడం తీయవచ్చు. కానీ తీసిన చోట నిశ్శబ్దం కూడా ఆ గదిదే ఉండాలి. అందుకే ప్రతి పూట చివర ఒక నిమిషం ఎవరూ కదలకుండా గది శబ్దాన్ని రికార్డు చేయాలి. దూరంగా కోయిల కూస్తున్న గదిలో, ఒక కోతలో కోయిల సగం కూతతో ఆగిపోతే వినేవాళ్ళకు వెంటనే తెలుస్తుంది. ఒక రోజు మాటల మధ్యలో ఇంకో రోజు మాటలు కలపకూడదు. పన్ను సెట్టు పెట్టుకున్న రోజుకు, పెట్టుకోని రోజుకు ఆమె స, శ పలికే తీరే వేరు.

అర్థం మారే కోత ఒకటి దాదాపు జరిగింది. ‘మా అమ్మ కొడిముద్ద కోసం పోలేదు, మా అమ్మకు మేం ఐదుగురం’ అన్న మాటలో వెనక సగం నిడివి కోసం పోయింది. కొడిముద్ద అంటే ధ్వజారోహణం నాడు పిల్లలు లేని ఆడవాళ్ళకు ఇచ్చే ప్రసాదం. వెనక సగం లేకపోతే అమ్మకు నమ్మకం లేదన్నట్టు వినిపిస్తుంది. కాగితం ప్రతితో సరిచూసే మనిషి కూర్పరి కాకుండా ఇంకొకరు కావాలనడానికి కారణం ఇదే.

బొమ్మలు ఎక్కడి నుంచి

ఆ ఇంట్లో 1950ల నాటి ఫొటో ఒక్కటీ లేదు. ఇప్పటి బ్రహ్మోత్సవం దృశ్యాలు వేయడం అందరూ చేసే పని, కానీ విద్యుద్దీపాల తోరణాల మీద ఆమె దివిటీల గురించి చెబుతుంటే బొమ్మ మాటను అబద్ధం చేస్తుంది. ఏరు ఇంకా కష్టం. సోమశిల జలాశయం, సంగం, నెల్లూరు బ్యారేజీలు వచ్చాక పెన్న ఆనాటి పెన్న కాదు. 2022లో ప్రారంభమైన ఆ రెండు బ్యారేజీల మధ్య మేరలోనే జొన్నవాడ ఉంది.

అందుకని దాదాపు అంతటా మూడు రకాల బొమ్మలే వాడారు: అవ్వ ముఖం, అవ్వ చేతులు, ముగ్గు పటం. నాలుగోది ఇప్పటి ఏటి గట్టు. అది ఒకే ఒక్కచోట, తిరుగుదారిలో, తెర మీద ‘ఇప్పటి పెన్న’ అని రాసి వేశారు. బండి గిట్టల చప్పుడు, గంటల చప్పుడు కలపాలన్న సలహా వచ్చింది. కలపలేదు. ఎక్కడో దొరికిన గంటల చప్పుడును చూసేవాళ్ళు ఆనాటిదే అనుకుంటారు. వెనక సంగీతం కూడా లేదు. అవ్వ కూనిరాగం తీసిన మేలుకొలుపు రెండు చరణాలు పేర్ల మీద వచ్చాయి, శ్రుతి సరిచేయకుండా. గుళ్ళో చిత్రీకరణ పెట్టుకుంటే దేవస్థానం కార్యనిర్వహణాధికారి దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఈ చిత్రానికి ఆ అవసరమే రాలేదు.

ఉపశీర్షికలు కూడా తెలుగులోనే వేశారు. నెల్లూరు యాస, పళ్ళు లేని పలుకు కలిస్తే పక్క జిల్లావాళ్ళకే కొన్ని మాటలు అందవు. యాసను అలాగే రాశారు. రెండు వరసలు మించకూడదు. తెలుగులో వచ్చే సాంకేతిక తిప్పలు వేరు: కొన్ని కూర్పు సాఫ్ట్‌వేర్లు ఒత్తులను విడగొడతాయి, కొన్నింటిలో కింది వరస ఒత్తుల అడుగు తెగిపోతుంది. ‘లక్ష్మి, స్త్రీ, కార్తె, జ్యేష్ఠం’ అనే నాలుగు మాటలు వేసి, ఎగుమతి చేసి, చిన్న ఫోను మీద చూస్తే చాలు, ఆ ఫాంటు పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది.

పదహారో ప్రశ్న

అక్కడ ఏం చూసి భయపడ్డారు అన్నదానికి అవ్వ చాలాసేపు మాట్లాడింది. మనసు చెదిరినవాళ్ళను జొన్నవాడకు తీసుకొచ్చి గుళ్ళో నిద్ర చేయించడం ఎప్పటి నుంచో ఉన్న నమ్మకం. ఆ ఏడు వాళ్ళ బండిలోనే అలా తీసుకెళ్ళిన ఒక దగ్గరి బంధువు ఉంది. రికార్డింగులో అంతకంటే బలమైన భాగం లేదు. చిత్రంలో అది లేదు.

పేరు తీసేస్తే సరిపోదా అంటే సరిపోదు. వరస చెప్పగానే ఊళ్ళో అందరికీ ఎవరో తెలుస్తుంది. ఆమె బిడ్డలు, మనవలు అదే వీధిలో ఉన్నారు. అనుమతి పత్రం మీద సంతకం అవ్వది, ఆ కథ మాత్రం అవ్వ ఒక్కదానిదే కాదు. ఆ కుటుంబంతో మాట్లాడేదాకా ఆ పన్నెండు నిమిషాల ఫైలును విడిగా, ‘బయటపెట్టరాదు’ అన్న గుర్తుతో ఉంచారు. రాత ప్రతిలోనూ ఆ పుటలు వేరు చేశారు. నిడివి కోసమో, అందం కోసమో తీసిన భాగాలకూ దీనికీ తేడా తెలిసేలా కారణం కూడా పక్కన రాయాలి. లేకపోతే రెండేళ్ళ తరువాత ఇంకొకరు వచ్చి, ఇంత మంచి భాగం ఎందుకు వదిలేశారని తీసి వాడేస్తారు.

అనుమతిని రెండుసార్లు తీసుకున్నారు. మొదలుపెట్టే ముందు పత్రం చదివి వినిపించి, ఆమె ఒప్పుకుంటున్న మాటలనే కెమెరా ముందు రికార్డు చేశారు. కూర్పు అయ్యాక ఇంట్లో టీవీలో, శబ్దం పెంచి, ఆమెకు మాత్రమే మొదట చూపించారు. కొడుకులు, కోడళ్ళు పక్కన ఉంటే ఆమె వాళ్ళకోసం మాట్లాడుతుంది. రెండు మార్పులు అడిగింది. వితంతువైన మేనత్త ఇంట్లో ఉండిపోయిన మాట తీసేయమంది, తీసేశారు. రెండోది, ముగ్గు పటంలో అమ్మవారి గుడిని చిన్న చుక్కగా వేశానని, మళ్ళీ పెద్దగా వేస్తానని పట్టుబట్టింది. మళ్ళీ వేయించి రికార్డు చేశారు. అయితే చిత్రంలో మొదటి పటమే ఉంచి, పేర్ల వరసలో రెండోదాన్ని చేర్చారు. ఎందుకలా చేశారో ఆమెకు చెప్పి, ఒప్పించాకే.

కోతలు లేని రెండు పూటల రికార్డింగు, రాత ప్రతి, చిత్రం మూడూ ఒక పెన్‌డ్రైవులో కుటుంబానికి ఇచ్చారు. విడిగా ఉంచిన పన్నెండు నిమిషాలు మాత్రం అందులో లేవు. ఇంకో రెండు ప్రతులు రెండు వేర్వేరు ఊళ్ళలో, రెండు హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి. గంటకు ఇరవై రెండు జీబీ లెక్కన ఇలాంటి పనికి పెద్ద చోటేమీ పట్టదు. ఏడాదికొకసారి తెరిచి చూసే బాధ్యత ఎవరిదో పేరుతో సహా డిస్కు మీదే రాసి అంటించారు.